కెమెరాకు ముందు పదిహేను వస్తువుల లెక్క

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది చిన్న కిరాణా కొట్టు. ఇద్దరు కుర్రాళ్ళు పనిచేస్తారు, బిల్లింగ్ మెషీన్ లేదు. అమ్మకం బాగానే ఉంది గానీ, సరుకు డబ్బు కట్టాల్సిన రోజు వచ్చేసరికి చేతిలో మిగలడం లేదు. సరుకు ఎక్కడో పోతోందని అనుమానం. కెమెరాలు పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఏ వస్తువు పోతోందో తెలియకుండా కెమెరాను ఏ అర వైపు తిప్పుతారు? పైగా చేతిలో డబ్బు లేకపోవడం వేరు, అరలో సరుకు లేకపోవడం వేరు. అరువు పెరిగినా, ఇంటి ఖర్చుకు గల్లాపెట్టెలోంచి తీసినా డబ్బు ఆడదు, సరుకు మాత్రం ఒక్కటీ పోయి ఉండదు. అందుకే మొదట రూపాయలు వదిలేసి వస్తువులను లెక్కపెట్టండి.

కొట్టంతా లెక్కపెట్టబోతే మొదటి నెలలోనే విసుగొస్తుంది. పదిహేను రకాలు చాలు. ఖరీదుండి చేతిలో ఇమిడేవి, రోజూ ఎక్కువగా కదిలేవి ఏరుకోండి: లీటరు నూనె ప్యాకెట్లు, నెయ్యి, జీడిపప్పు, కాఫీపొడి, పిల్లల పాలపొడి, సబ్బులు, షేవింగ్ బ్లేళ్ళు, బ్యాటరీలు. వీటి పేర్లు ఒక అట్ట మీద రాసి గల్లాపెట్టె పక్కన తగిలించండి. ఒకటి అమ్మితే ఒక గీత. అరువుకిచ్చినా గీతే. ఇంట్లోకి తీసుకుంటే గీతకు బదులు సున్నా చుట్టండి, మీ ఇంటావిడ తీసుకున్నా సరే. చిరిగినవి, కారినవి పారేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచితే వారం చివర వాటినీ లెక్కలోకి తేవచ్చు.

లెక్క వారానికోసారి, ఎప్పుడూ ఒకే రోజు, కొట్టు కట్టేశాక జరగాలి. సంత రోజుకు ముందు రాత్రి మంచిది. అప్పుడు అరలు కాస్త ఖాళీగా ఉంటాయి, తేడా వస్తే మళ్ళీ చూసుకునే ఓపిక కూడా ఉంటుంది. ఆ సాయంత్రం దిగిన సరుకును అరల్లో కలపకుండా విడిగా ఉంచి, మర్నాటి రాకలో రాయండి. ఒకరు లెక్కపెట్టి పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. లెక్కపెట్టే మనిషికి పుస్తకంలో ఎంత ఉండాలో తెలియకూడదు. ముప్పై మూడు ఉండాలని ముందే తెలిస్తే, ముప్పై దాటాక కళ్ళు వాటంతట అవే ముప్పై మూడు చూస్తాయి. పై అర నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వెళ్ళండి. అయిపోయిన అర మీద సుద్దముక్కతో గీత పెట్టండి. అట్టపెట్టెలను ఎత్తి చూడండి, విప్పి మళ్ళీ టేపు వేసిన పెట్టె బయటికి నిండుగానే కనబడుతుంది. పుస్తకంలో పెట్టెలు రాయకండి, ప్యాకెట్లే రాయండి.

మీ వైపు ఇంకో చిక్కుంది. ఒడియా అంకెల్లో నాలుగు చూడడానికి మనం రాసే 8లా ఉంటుంది. కుర్రాడు ఒడియాలో రాసింది మీరు కూడితే లేని దొంగ పుట్టుకొస్తాడు. అందరూ ఒకే రకం అంకెలు రాయాలని మొదటి రోజే చెప్పేయండి.

నూనె ప్యాకెట్ల మీద ఒక వారం లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. కిందటి వారం మిగిలినవి 46. ఈ వారం 12 చొప్పున నాలుగు పెట్టెలు, అంటే 48 వచ్చాయి. మొత్తం 94. అట్ట మీద గీతలు 58, ఇంటికి 2, కారినది 1. ఇక 33 ఉండాలి, అరలో 27 ఉన్నాయి. ఆరు తక్కువ. ఇక్కడ కోపం తెచ్చుకోకుండా అరువు పుస్తకం తెరవండి. గీత పెట్టకుండా అరువుకిచ్చినవి రెండు దొరికాయనుకుందాం. మిగిలింది నాలుగు. కొన్న ధర 140, అమ్మే ధర 150 అయితే పోయింది 560 రూపాయలు. ప్యాకెట్‌కు మిగిలేది పది రూపాయలే కాబట్టి ఆ నాలుగింటిని పూడ్చడానికి 56 ప్యాకెట్లు అమ్మాలి. అంటే దాదాపు వారం అమ్మకమంతా.

అయినా మొదటి రెండు వారాల అంకెలను నమ్మకండి. గీత మరిచిపోతే సరుకు తగ్గినట్టే కనబడుతుంది, డబ్బు మాత్రం గల్లాలోనే ఉంటుంది. చెయ్యి అలవాటు పడ్డాక వచ్చే తేడాలే తేడాలు. వాటికి ఒక్కోదానికి ఒక్కో పోలిక ఉంటుంది. సరిగ్గా పన్నెండు తగ్గితే బండి దగ్గర ఒక పెట్టె తక్కువ దిగి ఉంటుంది. రద్దీలో బండి వస్తే బిల్లు మీద చూడకుండా సంతకం పెట్టేస్తాం. సంతకానికి ముందే పెట్టెలు లెక్కపెట్టి, తక్కువైతే డ్రైవరు ఎదుటే బిల్లు మీద రాయించండి. ఒక సబ్బు ఆరు తగ్గి, పక్క సబ్బు ఆరు పెరిగితే గీత తప్పు వరసలో పడింది. పుస్తకం కంటే అరలో ఎక్కువ ఉన్నా సంతోషించకండి, వచ్చిన సరుకును రాయలేదన్న మాట.

మిగతావన్నీ సరిపోతూ, ఒకే వస్తువు వారం వారం నాలుగో అయిదో తగ్గుతుంటే అప్పుడు దొంగతనం గురించి ఆలోచించాలి. ఆ ఒక్కదాన్ని మూడు రోజులపాటు కొట్టు తెరవగానే, మీరు భోజనానికి వెళ్ళే ముందు, వచ్చాక, కట్టేటప్పుడు లెక్కపెట్టండి. తేడా మధ్యాహ్నం పూటే పడుతోందని తేలినా మనిషి దొరికినట్టు కాదు. కుర్రాళ్ళ వంతులు మార్చి చూడండి. తేడా మనిషితోపాటు వేరే వేళకు మారితే ఒక అర్థం, ఆ వేళకే అతుక్కుని ఉంటే ఇంకొకటి. వేళే అయితే కొనేవాళ్ళ చెయ్యి అందే చోట ఆ వస్తువు ఉండి ఉండవచ్చు, కౌంటరు వెనక్కి మార్చండి. ఖాళీ అట్టపెట్టెలను నలిపి చదును చేశాకే బయట వేయమనండి. నలపకుండా బయటికి వెళ్ళిన ఖాళీ పెట్టెలో ఏముందో ఎవరూ చూడరు.

లెక్క తగ్గినప్పుడల్లా జీతంలో కోయకండి. కోత మొదలైతే కుర్రాళ్ళు తేడాను మీకు చెప్పడం మానేసి, గీతలను సరుకుకు సరిపెట్టడం నేర్చుకుంటారు. తర్వాత ఆ అట్ట ఎందుకూ పనికిరాదు.

పంచదార, పప్పు, బెల్లం లాంటి విడి సరుకులను ఈ గీతల్లోకి తేకండి. అక్కడ దొంగ తరచుగా కాటాయే. కిలోకు పది గ్రాములు ఎక్కువ తూగితే యాభై కిలోల బస్తాలో అర కిలో పోతుంది. ఒక బస్తా విప్పేటప్పుడు తూచి, గోనె బరువు తీసేసి, దాంట్లోంచి ఎన్ని కిలోల పొట్లాలు వచ్చాయో చూడండి. వానాకాలంలో బెల్లం కారుతుంది, ఆ తరుగు ఎవరి తప్పూ కాదు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి, మీది ఎప్పటిదో చూసుకోండి.

రెండు నెలల తర్వాత కూడా పదిహేనింటిలో ఒకటి రెండు వస్తువులే తగ్గుతూ, చోటు మార్చినా ఆగకపోతే, ఒక్క కెమెరా కొని ఆ అర మీదికి పెట్టించండి. పదిహేనూ సరిపోతూ ఉండి డబ్బు మాత్రం ఆడకపోతే, ఈసారి అరువు పుస్తకంలోని పాత బాకీల మొత్తం, ఇంటికి తీసిన డబ్బు రాసి పంపండి. అప్పుడు చూడాల్సింది సరుకును కాదు.