మాట తేలికైతే చాలదు, చదివేవారిదై ఉండాలి

ప్రశ్న: తిరుపతిలో జర్నలిజం పీజీ చదువుతూ, పశువుల మందుల కంపెనీలో ఇంటర్న్‌గా, ఫోన్లో స్లైడ్లు జరుపుతూ చదివే కారౌసెల్స్ రాస్తున్నాను సార్. చదివేవాళ్లు పశువైద్యులు. మొదట రాసింది బరువుగా ఉందన్నారు. తేలిక చేస్తే చిన్నపిల్లలకు చెప్పినట్టుందన్నారు. ఎక్కడ ఆగాలి? పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

జవాబు: మీరు పంపిన రెండు ప్రతులనూ చదివాను. మొదటి ప్రతిలో మూడో స్లైడు ఇలా ఉంది: “పొదుగులో ఎటువంటి బాహ్య లక్షణాలూ గోచరించకుండానే పాల దిగుబడిని తగ్గించే సబ్ క్లినికల్ మాస్టైటిస్‌ను ప్రాథమిక దశలోనే గుర్తించే నిమిత్తం కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్‌ను నిర్వహించడం జరుగుతుంది.” దీన్ని బరువెక్కించినవి వైద్య పదాలు కావు. వాక్యం చివరి దాకా క్రియ రాకపోవడం, “గోచరించకుండానే”, “తగ్గించే”, “గుర్తించే” అంటూ ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవడం, “చేస్తారు” అంటే సరిపోయేచోట “నిర్వహించడం జరుగుతుంది” అనడం, ఇవీ అసలు బరువులు. ఫోన్లో వేలితో స్లైడు జరిపే మనిషి అంతసేపు క్రియ కోసం ఎదురుచూడడు.

రెండో ప్రతిలో మీరు వాక్యాన్ని సరిచేయడానికి బదులు పదాలను మార్చారు. “ఆవుకు పొదుగు నొప్పి వచ్చిందా? పాలలో చిన్న చిన్న కణాలు ఉంటాయి! అవి పెరిగితే జబ్బు అన్నమాట! ఒక మందు కలిపితే తెలిసిపోతుంది!” దీనికి వైద్యులు నొచ్చుకోవడానికి శైలి ఒక్కటే కారణం కాదు, విషయమే తప్పింది. సబ్ క్లినికల్ దశలో పొదుగుకు నొప్పీ వాపూ పైకి కనిపించవు, ఆ పేరు పెట్టిందే అందుకు. కలిపేది మందు కాదు, పరీక్ష ద్రావకం. ఈనిన తొలి రోజుల్లోనూ, వట్టిపోయే ముందూ జబ్బు లేకున్నా కణాలు పెరుగుతాయి కాబట్టి, “పెరిగితే జబ్బు” అన్న మాట దగ్గరే వైద్యుడు మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు.

తేలిక మాట అంటే చదివేవాడు రోజూ వాడే మాట అని నా అభిప్రాయం. పాల కేంద్రానికి వచ్చిన రైతుతో “పొదుగువాపు” అనే డాక్టరు, సాటి డాక్టరుతో “మాస్టైటిస్” అనీ, కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్‌ను “సీఎంటీ” అనీ అంటాడు. ఆయనకు “సీఎంటీ” రెండు క్షణాల మాట. దాన్ని “పాలలో ద్రావకం కలిపి చూసే పరీక్ష” అని విప్పితే తిరిగి మనసులో “ఓహో, సీఎంటీ” అని అనువదించుకోవాలి. కాబట్టి పదాన్ని ఉంచండి, నిర్వచనాన్ని తీసేయండి, వాక్యాన్ని విరవండి. నేనైతే ఆ విషయాన్ని రెండు స్లైడ్లు చేస్తాను.

“సబ్ క్లినికల్ మాస్టైటిస్‌లో పొదుగు మామూలుగానే ఉంటుంది. పాలు చూసినా తేడా తెలియదు. దిగుబడి మాత్రం తగ్గుతుంది.”

“నాలుగు చన్నుల పాలనూ విడివిడిగా సీఎంటీతో చూడండి. పాలు జెల్‌లా చిక్కబడితే సొమాటిక్ కణాలు పెరిగినట్టు. అయితే ఈనిన తొలి రోజుల్లోనూ, వట్టిపోయే దశలోనూ ఈ ఒక్క ఫలితాన్ని బట్టే చికిత్స మొదలుపెట్టకండి.”

రెండో స్లైడులో చివరి వాక్యం కావాలనే పొడవుగా ఉంచాను. నాలుగేసి పదాల వాక్యాలే వరుసగా వస్తే ఒకటో తరగతి వాచకం నడక వస్తుంది. షరతులూ మినహాయింపులూ పొడుగు వాక్యంలోనే ఒదుగుతాయి, వాటి కోసమే నిపుణుడు వెతుకుతాడు. స్లైడుకు ఒకే విషయం, ఇరవై పాతిక పదాలు, అందులో ఒక్క పొడుగు వాక్యం అన్నది నేను పాటించే కొలత.

చదువు స్థాయి చెప్పే ఆన్‌లైన్ స్కోర్లను మాత్రం తెలుగుకు వాడకండి. 1975లో అమెరికా నౌకాదళం కోసం తయారైన ఫ్లెష్-కింకెయిడ్ సూత్రం ఇంగ్లిష్ వాక్యాల పొడవునూ, పదానికి ఎన్ని సిలబుల్స్ ఉన్నాయన్నదాన్నీ లెక్కిస్తుంది. మన పదాలు విభక్తులనూ ప్రత్యయాలనూ కలుపుకుని పొడవవుతాయి గనుక, ఎనిమిదేసి పదాల వాక్యాలకు, పదానికి సగటున నాలుగు సిలబుల్స్ వేసుకున్నా అది 34వ తరగతి దాటిందని చూపుతుంది. దానికి బదులు క్రియకు ముందు ఎన్ని “-ే”, “-ిన” రూపాలు పేరుకున్నాయో లెక్కపెట్టండి. రెండు దాటితే విరవండి.

ఆ తర్వాత మనుషులకు చూపండి. మీ ఊళ్లోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పీజీ విద్యార్థి ఒకరికి స్లైడు ఐదు క్షణాలు చూపించి, ఫోన్ తీసేసి, ఏం చదివారో చెప్పమనండి. చెప్పలేకపోతే వాక్యం బరువు. “ఇది నాకు తెలిసిందేగా” అంటే అక్కడ నిర్వచనం మిగిలింది. “అన్ని వేళలా అంతేనా?” అని అడిగితే మీరు షరతు ఒకటి వదిలేశారు.

పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన కారౌసెల్స్ పది పెట్టేకంటే, ఈ మూడో స్లైడు మూడు ప్రతులనూ పక్కపక్కన పెట్టి, ఏ పదం ఎందుకు ఉంచారో, ఏ వాక్యం ఎందుకు విరిచారో కింద రెండేసి వాక్యాల్లో రాయండి. కంపెనీ అనుమతి అడిగి, దాని పేరూ గుర్తూ తీసేసి పెట్టండి.