పీపీటీని ఇద్దరి మాటల్లోకి మార్చడం: పాముకాటు ఎపిసోడ్ రాసిన అనుభవం

ప్రశ్న: "మా ట్రైనింగ్ కోసం చేసిన పీపీటీ ఒకటి ఉంది. దాన్ని మామూలు జనానికి అర్థమయ్యేలా, ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు పాడ్‌కాస్ట్ స్క్రిప్టు రాయమన్నారు. స్లైడ్ తర్వాత స్లైడ్ రాసుకుంటూ పోతే సరిపోతుందా?"

సరిపోదు. నేను మొదటిసారి అలాగే రాసి, మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ కథే చెబుతాను.

నా చేతికి వచ్చింది పాముకాటు మీద ఒక డాక్టరు గారు నర్సుల కోసం చేసిన 24 స్లైడ్లు. ముందు పాముల రకాలు, తర్వాత విషం ఒంట్లో ఏం చేస్తుంది, దేశంలో ఎంతమంది చనిపోతున్నారు, లక్షణాలు, పరీక్షలు, మందు మోతాదు, చివర్లో ప్రథమ చికిత్స. నేను ఆ వరుసలోనే యాంకర్, డాక్టర్ మాట్లాడుకుంటున్నట్టు రాశాను. యాంకర్ పని "అలాగా డాక్టర్ గారూ" అనడమే. రికార్డు చేసి ఊళ్లో మా పిన్నికి వినిపించాను. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే: "ఇంతకీ కరిచిన చోటికి పైన తాడు కట్టాలా, వద్దా?" జవాబు ఎపిసోడ్‌లో ఉంది, కానీ తొమ్మిదో నిమిషంలో. అప్పటికి ఆవిడ మనసు ఎటో పోయింది.

రెండోసారి పీపీటీ మూసేసి కాగితం మీద ఆ రాత్రి జరిగేది రాసుకున్నాను. చీకట్లో కాలికి ఏదో తగిలింది. అది పామేనని ఎలా తెలుస్తుంది? వెంటనే ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఎక్కడికి తీసుకెళ్లాలి? అక్కడ ఏం చేస్తారు? ఎందుకు అంతసేపు ఉంచుతారు? ఈ ప్రశ్నలకు జవాబు ఏ స్లైడ్‌లో ఉందో వెతికితే తొమ్మిది స్లైడ్లు పనికొచ్చాయి. మందు మోతాదు స్లైడ్లు తీసేశాను, అవి వినేవాళ్ల చేతిలో లేని పని. చార్టుల్లో ఒక్క అంకె ఉంచాను. 2000 నుంచి 2019 దాకా చూస్తే దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. చెవికి అది పెద్ద అంకెగానే మిగిలిపోతుంది, అందుకే "రోజుకు దాదాపు 160 మంది" అని రాశాను. రాష్ట్రాలవారీ చార్టు జోలికి పోలేదు. కంటికి ఒక్క చూపులో అందేది చెవికి అర నిమిషం లెక్కల పాఠం అవుతుంది.

అసలు మార్పు మాత్రం మాట్లాడేవాళ్లలో వచ్చింది. యాంకర్‌ని, డాక్టర్‌ని తీసేసి నర్సుగా పనిచేసే అక్క, వ్యవసాయం చేసే తమ్ముడు అని పెట్టుకున్నాను. తమ్ముడు ఊరికే తల ఊపడు. అతనికీ ఒక నమ్మకం ఉంది: "చిన్నాన్నకి తాడు కట్టే కదక్కా తీసుకెళ్లారు, బతికాడుగా?" ఊళ్లో ఎవరైనా అడిగేది అదే. దానికి అక్క "తాడు వల్ల బతకలేదురా" అని మొదలుపెడుతుంది. చాలా కాట్లు విషం లేని పాములవే, విషప్పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండా వదిలేస్తుంది అని చెబుతుంది. పీపీటీలో ఇది ఏడో స్లైడ్‌లో "డ్రై బైట్" అనే ఒక్క బుల్లెట్. తాడు గురించి ఉన్నది పంతొమ్మిదిలో. తమ్ముడి అనుమానం వల్లే ఆ రెండూ ఒక చోటికి వచ్చాయి. రెండో గొంతుకి మీ విషయం గురించి ఒక తప్పు నమ్మకమో, గట్టి అనుమానమో ఇవ్వండి. అతను అడిగే ప్రతి ప్రశ్నా దాని నుంచే పుట్టాలి.

ఇక రక్తం గడ్డకడుతుందో లేదో చూసే పరీక్ష స్లైడ్. దాని మీద ఉన్నది ఇంతే: "20 డబ్ల్యూబీసీటీ. 2 ఎంఎల్ రక్తం, పొడి గాజు ట్యూబ్, 20 నిమిషాలు కదపరాదు, ఒకసారి వంచి చూడాలి." ఇంట్లో ఎవరూ ఈ పరీక్ష చేయరు కదా, తీసేద్దామనుకున్నాను. కానీ ఆసుపత్రిలో "ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అని బంధువులు గొడవపడి మనిషిని తీసుకెళ్లిపోవడం నేను చూశాను. వినేవాళ్లకు ఈ స్లైడ్ వల్ల ఉపయోగం అక్కడ ఉంది. ఇలా రాశాను:

తమ్ముడు: రక్తం తీసి పక్కన పెట్టి చూస్తూ కూర్చుంటారంట. ప్రాణం మీదికొస్తే ఆ 20 నిమిషాలు ఏంటక్కా?

అక్క: ఊరికే కూర్చోవడం కాదురా. గాజు గొట్టంలో రక్తం పోసి కదపకుండా ఉంచుతారు. 20 నిమిషాలకు వంచి చూస్తారు. మామూలు రక్తమైతే ఈలోపు గడ్డకడుతుంది. ఇంకా నీళ్లలా జారితే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లో ఉన్నట్టు.

తమ్ముడు: గడ్డకడితే ఇంటికి వచ్చేయొచ్చన్నమాట.

అక్క: వద్దు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. పింజర కాటులో కూడా మొదట బాగానే ఉండి తర్వాత మారొచ్చు. అందుకే ఒక రోజంతా ఉంచి మళ్లీ మళ్లీ చూస్తారు.

తమ్ముడి చివరి మాట, దానికి అక్క జవాబు నేను ముందు రాసినప్పుడు లేవు. ప్రతి మాట పక్కన అది ఏ స్లైడ్‌ నుంచి వచ్చిందో నంబరు వేసి డాక్టరు గారికి పంపితే, "ఇక్కడ ఆపేస్తే గడ్డకట్టింది కదా అని ఇంటికి వెళ్లిపోతారు" అని ఆయన పట్టుకున్నారు. తేలిక చేసేటప్పుడు జారిపోయేవి ఇలాంటి మినహాయింపులే. మీరు కూడా స్లైడ్ నంబర్లు వేసే పంపండి, లేకపోతే చదివేవాళ్లు భాష దిద్దుతారు గానీ విషయం చూడరు.

తెలుగులో మరో చిక్కు ఉంది, అది కాగితం మీద దొరకదు. "కట్టు కట్టకండి" అని రాశాను. నాలుగు మాటల తర్వాత "కాలు కదలకుండా బద్ద పెట్టి గుడ్డతో కట్టండి" అని రాశాను. మధ్యలో కట్లపాము కూడా వచ్చింది. చదివితే తేడా తెలుస్తోంది, వింటే అంతా ఒకే "కట్టు". విన్న ఇద్దరిలో ఒకరు కట్టాలని, ఒకరు కట్టకూడదని చెప్పారు. ఇలాంటి విషయంలో ఈ పొరపాటు ఎంత ప్రమాదమో ఆలోచించండి. దాన్ని ఇలా మార్చాను: "తాడుతో బిగించొద్దు. విరిగిన కాలికి పెట్టినట్టు పక్కన ఒక కర్ర పెట్టి, గుడ్డ వదులుగా చుట్టు. కాలు కదలకూడదు, అంతే." తాడు, కర్ర అని వేరు వేరు వస్తువులు వినిపించాక ఇంకెవరూ తికమకపడలేదు.

అంకెలు, పొడి అక్షరాలు కూడా నోటితో ఎలా అంటారో అలాగే రాయండి. 108 అని రాస్తే మా ఇద్దరు ఆర్టిస్టుల్లో ఒకరు "నూట ఎనిమిది" అని, మరొకరు "వన్ నాట్ ఎయిట్" అని చదివారు.

నిడివి సంగతికొస్తే, ఇంగ్లిష్ స్క్రిప్టులకు చెప్పే నిమిషానికి 150 మాటల లెక్క తెలుగుకు కుదరలేదు. మన మాటలు పొడుగు. మా రికార్డింగుల్లో తాపీగా మాట్లాడితే నిమిషానికి 100 దాటలేదు. పది నిమిషాల ఎపిసోడ్‌కి వెయ్యి మాటల లోపే రాసుకోండి.

రికార్డింగుకు ముందు ఫోన్‌లో ఒకసారి చదివి ఇంట్లో ఒకరికి వినిపించండి. "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. పక్కింటావిడకి చెప్పమనండి, మీరు పక్కన కూర్చుని వినండి. మా పిన్ని రెండోసారి చెప్పినప్పుడు తాడు సంగతే ముందు చెప్పింది.