థెరపీకి వారానికి 6 గంటలు: జీతంలో ఎంత పోతుంది?

ప్రశ్న: టెక్సాస్‌లో హెచ్1బీ మీద రెండేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్నాను. జీతం ఏడాదికి 1,04,000 డాలర్లు, పీటీఓ 15 రోజులు. మా బాబుకి ఆటిజం. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం థెరపీకి తీసుకెళ్లాలి, రానూపోనూ కలిపి 3 గంటలు. మా ఆవిడకి డ్రైవింగ్ రాదు. ఆఫీసులో ఎలా అడగాలి? వీసాకి ఇబ్బందా?

జవాబు: ముందు సెలవు అడగకండి, వేళలు మార్చమని అడగండి. ఆ రెండు రోజులూ పొద్దున్నే మొదలుపెట్టి, మిగిలింది రాత్రి పూర్తిచేస్తానంటే జీతం పైసా తగ్గదు. కాకపోతే ఇది నోటిమాటగా ఉంటే మేనేజర్ మారిన రోజున పోతుంది. అందుకే హెచ్‌ఆర్‌కి రాసే అదే మెయిల్లో, ఇంట్లోవాళ్ల అనారోగ్యానికి జీతం లేకుండా, ఉద్యోగం పోకుండా సెలవిచ్చే ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద సెలవు కూడా విడతలుగా కావాలని అడిగి పెట్టుకోండి.

ఆ చట్టం మీకు వర్తించాలంటే కంపెనీలో ఏడాది పూర్తయి, గత 12 నెలల్లో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. మీరు పనిచేసే చోటికి 75 మైళ్లలోపు ఆ కంపెనీకి 50 మంది ఉద్యోగులు ఉండాలి. చిన్న కన్సల్టెన్సీల వాళ్లకి చిక్కు సాధారణంగా ఇక్కడే వస్తుంది.

ఈ చట్టం ఇచ్చే సెలవు ఏడాదికి 12 వారాలు. అంటే, వారానికి 40 గంటలు పనిచేసే మీకు 480 గంటలు. మీకు కావలసింది 6 × 52 = 312. ఇంకా 168 మిగులుతాయి.

డబ్బు సంగతి: గంటకి 50 డాలర్లు, అంటే వారానికి 300. ముందు పీటీఓ వాడాలని కంపెనీ పట్టుబట్టవచ్చు. మీ 120 గంటలు 20 వారాలకి సరిపోతాయి. ఆ తర్వాత 32 వారాలకి 9,600 డాలర్లు, పన్నుకి ముందు లెక్క, కోత పడుతుంది. పైగా జ్వరమొచ్చినా, ఊరెళ్లినా పీటీఓ ఉండదు. ఇండియా ప్రయాణం ఉంటే ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి.

ఎక్కువగా తేడా వచ్చేది డాక్టర్ ఫారం దగ్గర. కార్మిక శాఖ నమూనా WH-380-F. కొన్ని కంపెనీలు సొంత ఫారం ఇస్తాయి. అందులో ఊరికే "థెరపీ అవసరం" అని రాస్తే వెనక్కి వస్తుంది, సరిచేయడానికి 7 రోజులే గడువు. "వారానికి 2 సార్లు, ప్రయాణంతో కలిపి ఒక్కోసారి 3 గంటలు, 12 నెలలు" అని రాయించండి. థెరపిస్టు సంతకం చాలదనే కంపెనీలున్నాయి కాబట్టి పిల్లల డాక్టరు చేతే పెట్టించండి. ఫారం అందాక మీకుండేది 15 రోజులే. డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందే తీసుకుని, థెరపీ మొదలయ్యే 30 రోజుల ముందు మెయిల్ పంపండి. పనికి అడ్డమైతే రోజు మార్చుకోగలరా అని కంపెనీ అడగవచ్చు. సెంటర్లో ఇంకో స్లాటు కూడా కనుక్కుని ఉంచండి.

వీసా మాటకొస్తే, సొంత అవసరం కోసం మీరే అడిగి తీసుకున్న సెలవుకి జీతం కోసినా హెచ్1బీ నియమం ఒప్పుకుంటుంది. కానీ డబ్ల్యూ-2లో జీతం, వీసా కోసం కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చిన ఎల్‌సీఏలో రాసినదానికన్నా తక్కువ కనిపిస్తుంది. రెన్యువల్లో ఎందుకని అడిగితే చూపడానికి మీ మెయిలు, ఆమోదపత్రం, ఏ రోజు ఎన్ని గంటలు తీసుకున్నారో రాసిన లెక్క ఒకేచోట దాచండి. థెరపీ రద్దయి మీరు పనిచేసిన రోజు ఆ లెక్కలోకి రాకూడదు. జీతం స్లిప్పుతో నెలనెలా సరిచూసుకోండి.