డైరీ ఆగిన చోట ఏం జరిగినట్టు?

ప్రశ్న: "డ్రాక్యులా నవల చదువుతున్నా. నాలుగో అధ్యాయం చివర జోనథన్ డైరీ సగంలో ఆగింది. వెంటనే ఎవరో అమ్మాయిల ఉత్తరాలు. నా పుస్తకంలో పేజీలేమైనా పోయాయా?"

పేజీలేం పోలేదు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అక్కడే తికమకపడ్డాను. తప్పు నాదే, తేదీలు చూడకుండా చదివేశాను. జోనథన్ డైరీ ఆగింది జూన్ 30న. ఆ వెంటనే వచ్చే, అతన్ని పెళ్లాడబోయే మీనా ఉత్తరం మే 9 నాటిది. కథ ముందుకి కాదు, వెనక్కి వెళ్లింది.

రెండోసారి ఒక కాగితం పక్కన పెట్టుకున్నాను. ప్రతి ఉత్తరానికీ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, చదివేవాళ్లకి ఎప్పుడు అందింది అని మూడే మాటలు రాసుకున్నాను. అప్పుడు ఒక విషయం బయటపడింది. మే 19 నాటి డైరీ ప్రకారం, డ్రాక్యులా ప్రభువు తన కోటలో బందీగా ఉన్న జోనథన్ చేత మూడు ఉత్తరాలు ముందే రాయిస్తాడు, జూన్ 12, 19, 29 తేదీలు వేయించి. రెండో దాంట్లో ఉండాల్సింది 'రేపు పొద్దున్నే బయల్దేరుతున్నా' అని. ఇక జూలై 26న మీనా డైరీ తీయండి. జోనథన్ నుంచి ఒకే ఒక్క వాక్యం అందింది, ఇంటికి బయల్దేరుతున్నాడట. ఇది అతను రాసే తీరులా లేదే అని ఆమెకి అనుమానం. ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో పుస్తకం ఎక్కడా విడమర్చి చెప్పదు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకున్న మనకి మాత్రం తెలుస్తుంది. ఆ పేజీ దగ్గర నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, భయపెట్టే సంగతి ఒక్కటీ లేకపోయినా!

మరి జోనథన్ ఏమయ్యాడు? (ఇంకా అక్కడిదాకా రాకపోతే ఈ పేరా వదిలేయండి.) ఆగస్టు 12న బుడాపెస్ట్ నుంచి ఒక నన్ మీనాకి ఉత్తరం రాస్తుంది. అతను దాదాపు ఆరు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నాడని. వెనక్కి లెక్కేస్తే జూలై మొదటి రోజులకి చేరతాం. అంటే మనకి నిజంగా తెలియనిది కొద్ది రోజులే, మిగతాదంతా జ్వరం. కోట గోడ దిగి ఎలా బయటపడ్డాడో అతను ఎప్పుడూ రాయడు. మళ్లీ డైరీ పట్టేది సెప్టెంబర్ 26నే, అదీ ఇక రాయననుకున్నాను అంటూ.

అయితే ప్రతి ఖాళీలోనూ రహస్యం వెతక్కండి. కొన్నిసార్లు రాయడానికేమీ లేక రాయరు, అంతే. నేను చూసే గుర్తు ఒకటే: ఆ మౌనాన్ని కథలో ఇంకెవరైనా పట్టించుకున్నారా? మీనాలా ఎవరైనా ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటే ఆగి లెక్క చూస్తాను. ఎవరికీ పట్టకపోతే నేనూ వదిలేస్తాను.

ముందుకెళ్తే సెప్టెంబర్ 17 నాటి టెలిగ్రామ్ ఒకటి కనిపిస్తుంది. అది 22 గంటలు ఆలస్యంగా అందిందని చిన్నగా రాసి ఉంటుంది. ఆ లైను మాత్రం దాటేయకండి, ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారో చూసుకోండి.