క్రిప్టోలో నష్టం వచ్చినా పన్ను కట్టాలా?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. 2025-26లో ఒక కాయిన్‌లో 1,20,000 లాభం, ఇంకోదాంట్లో 90,000 నష్టం. మిగిలిన 30,000కి పన్ను కడితే చాలు కదా? కొంత బిట్‌కాయిన్ ఇచ్చి ఈథర్ తీసుకున్నా, కొంత నా సొంత వాలెట్‌కి పంపుకున్నా. బ్యాంకులో రూపాయి పడలేదు, ఇవి కూడా చూపించాలా?

జవాబు: చాలదండీ. మీరు 1,20,000 మొత్తానికీ పన్ను కట్టాలి. ఆదాయపు పన్ను చట్టం 115బీబీహెచ్ ప్రకారం క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. అంటే 36,000కి 1,440 కలిపి 37,440. మీకు నిజంగా మిగిలింది 30,000, కట్టాల్సింది అంతకంటే 7,440 ఎక్కువ. ఇది అన్యాయం అని నాకూ అనిపిస్తుంది, కానీ చట్టం సూటిగానే చెప్పింది: ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయకూడదు, జీతంలోంచీ తీసేయకూడదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనూ కూడదు.

ఇక్కడ ఇంకొకటి చూసుకోండి. ఆ 1,20,000 అనేది ఒకే అమ్మకంలో వచ్చిందా, లేక అదే కాయిన్‌ని పదిసార్లు కొని అమ్మగా లాభనష్టాలు పోను యాప్ చూపించిన అంకెనా? రెండోదైతే అసలు లాభం ఇంకా ఎక్కువే ఉంటుంది. రిటర్న్‌లో ఉండే Schedule VDA లో ప్రతి అమ్మకానికీ ఒక వరుస ఉంటుంది, నష్టం వచ్చిన వరుసలో ఆదాయం సున్నా అని వేయాలి. కొన్న ధర తప్ప వేరే ఖర్చేదీ తగ్గించుకోనివ్వరు కాబట్టి అమ్మినప్పటి ఫీజు, నెట్ బిల్లు లాంటివి వదిలేయండి.

ఇక మార్పిడి సంగతి. ఎనుమాముల మార్కెట్లో పత్తి ఇచ్చి దానికి బదులు మిర్చి తెచ్చుకుంటే చేతికి రూపాయి రాకపోయినా పత్తి అమ్మినట్టే కదా, ఇదీ అంతే. 1,40,000కి కొన్న బిట్‌కాయిన్‌ని దాని విలువ 2,00,000 ఉన్న రోజు ఈథర్‌గా మార్చారనుకుందాం. ఆ రోజే మీకు 60,000 లాభం వచ్చినట్టు లెక్క, సెస్‌తో కలిపి 18,720 పన్ను. అప్పటి నుంచి ఆ ఈథర్ కొన్న ధర 2,00,000. తర్వాత దాన్ని 1,70,000కే అమ్ముకున్నా ఆ 30,000 నష్టం ఎందుకూ పనికిరాదు, ముందు వచ్చిన పన్ను అలాగే ఉంటుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

సొంత వాలెట్‌కి పంపుకోవడం మాత్రం అమ్మకం కాదు, దానికి పన్ను లేదు. కానీ రేపు అక్కడి నుంచి అమ్మినప్పుడు ఆ కాయిన్ ఎంతకి కొన్నారో మీరే రుజువు చూపించాలి, లేదంటే అధికారి కొన్న ధరని ఒప్పుకోకుండా వచ్చిందంతా లాభమే అనవచ్చు. మొన్న కాజీపేట నుంచి ఒకతను నా దగ్గరికి ఫోన్ పట్టుకొని వచ్చాడు. అందులో నలభై స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, అన్నింట్లోనూ ఎంత శాతం లాభమో పచ్చరంగులో ఉంది, ఒక్కదాంట్లో కూడా తేదీ లేదు. అతను కాయిన్లు కొన్న ఎక్స్‌చేంజీ అప్పటికే మూతపడింది, లాగిన్ అవ్వడం లేదు. చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్లో ఎక్స్‌చేంజీకి డబ్బు వెళ్లిన వరుసలు, పాత మెయిళ్లలో వచ్చిన ఆర్డర్ వివరాలు పక్కపక్కన పెట్టి లెక్క కట్టాం. రెండు వారాలు పట్టింది, అయినా కొన్ని కొనుగోళ్లకి రుజువు దొరకలేదు.

అందుకే ఈ రోజే ఎక్స్‌చేంజీలోకి వెళ్లి ఏడాది మొత్తం ట్రేడ్ హిస్టరీని CSV ఫైల్‌గా దించుకొని ఫోన్లో కాకుండా ఇంకో చోట కూడా పెట్టుకోండి. తర్వాత ఒక ఎక్సెల్ షీట్‌లో ఒక్కో అమ్మకానికి ఒక్కో వరుస రాయండి: కొన్న తేదీ, కొన్న ధర, అమ్మిన లేదా మార్చిన తేదీ, ఆ రోజు రూపాయల్లో విలువ, కోసిన టీడీఎస్. ఒకే కాయిన్‌ని చాలాసార్లు కొని ఉంటే ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్క వేసి, చివరిదాకా అదే పద్ధతి పాటించండి. వాలెట్‌కి పంపినవాటికి ట్రాన్సాక్షన్ హ్యాష్, ఆ వాలెట్ అడ్రస్ రాసి, అది మీదే అని చూపించే స్క్రీన్‌షాట్ తేదీ కనపడేలా పక్కన పెట్టండి.

రిటర్న్ వేసే ముందు ఫారం 26ఏఎస్, ఏఐఎస్ తెరవండి. 194ఎస్ కింద ఎక్స్‌చేంజీ కోసిన 1 శాతం అక్కడ కనపడుతుంది. అది మీ పన్నులోంచి తగ్గుతుంది, ఎక్కువ కోసి ఉంటే రీఫండ్ వస్తుంది. అయితే ఆ 1 శాతం అమ్మిన మొత్తం మీద కోసేది, లాభం మీద కాదు. కాబట్టి అక్కడ 2,000 కనపడితే మీరు దాదాపు 2,00,000 అమ్మినట్టు శాఖకి ముందే తెలుసు. ఆ అంకె మీ షీట్‌తో కలవకపోతే ఏ వరుస తప్పిందో వెతికి పట్టుకున్నాకే ఫైల్ చేయండి. ఫారం ఐటీఆర్-1 కాదు. పెట్టుబడిగా కొన్నవారికి ఐటీఆర్-2, ఇదే వ్యాపారంగా చేస్తుంటే ఐటీఆర్-3. విదేశీ యాప్‌లో అమ్మినదానికి టీడీఎస్ కోసి ఉండకపోవచ్చు, అయినా అదీ ఆదాయమే, దానికీ మీ షీట్‌లో వరుస ఉండాలి.