చివరి చరణంలో తారుమారయ్యే వెలుగు

కవిత మొదట్లో భయపెట్టిన చీకటి చివరి చరణంలో ఓదార్పు ఎలా అవుతుంది?

వెలుగు, చీకటి అనే నామవాచకాలను కాక, వాటికి కవి జతచేసిన క్రియలను గమనించండి. విజయవాడలో, ప్రకాశం బ్యారేజీకి దిగువన రాత్రివేళ వల వేసే జాలరి మీద నాలుగు చరణాల కవితను ఊహించుకుందాం. మొదటి చరణంలో చీకటి పడవను ‘మింగుతుంది’, లాంతరు దారి ‘చూపుతుంది’. మూడో చరణంలో అదే లాంతరు నీటి మీద మెరిసి కళ్లు చెదరగొట్టడంతో అతను దారికి గుర్తుగా పెట్టుకున్న నక్షత్రం కనబడదు. చివరి చరణంలో లాంతరు ఆర్పగానే చీకటి అతన్ని ‘కప్పుతుంది’, నక్షత్రం తిరిగి కనిపిస్తుంది. మింగడం కప్పడంగా మారిన చోటే అర్థం తారుమారైంది. నా దృష్టిలో కీలకం మూడో చరణమే. ఆ బీజం లేకుండా చివర్లో చీకటిని మెచ్చుకుంటే అది అతికించిన మాటలా మిగిలిపోతుంది. మొదటి చరణంలోని భయం మాత్రం అబద్ధమైపోదు, కానీ మళ్లీ చదివినప్పుడు అతని చూపును పడవ అంచు వరకే కుదించింది ఆ లాంతరేనని తెలుస్తుంది.