ఆ రెండు తెల్ల దీపాలను చదవడం

అల్లుడూ,

జూన్ 14తో వేట నిషేధం ముగియగానే బోటుకు సరంగుగా నువ్వే వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వల సంగతి, ఇంజను సంగతి నీకు చెప్పనక్కరలేదు. రాత్రిపూట విశాఖ ముందు నుంచి పోయే పెద్ద ఓడల గురించి మాత్రం రాస్తున్నాను. జీపీఎస్ నువ్వెక్కడున్నావో చెబుతుంది గాని, ఎదుటివాడు ఎటు పోతున్నాడో చెప్పదు. అది వాడి దీపాలే చెప్పాలి.

ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు పచ్చ, వెనుక తెలుపు అని నీకు తెలుసు. చాలామంది ఆ ఎరుపు, పచ్చల కోసమే చూస్తూ కూర్చుంటారు. అక్కడే ఆలస్యమవుతుంది. యాభై మీటర్లు దాటిన ఓడకు పక్క దీపాలు మూడు మైళ్ల దాకా కనిపిస్తే చాలునని నిబంధన. స్తంభాల మీది తెల్ల దీపాలు మాత్రం ఆరు మైళ్ల దాకా కనిపించాలి. అంటే రంగు తెలియడానికి చాలా ముందే తెల్లవి రెండు నీ కంటపడతాయి. వాటిని చదవడం నేర్చుకో.

అలాంటి ఓడకు ముందు స్తంభం దీపం కిందుగా, వెనుక స్తంభం దీపం ఎత్తుగా ఉంటుంది. కాబట్టి ఎత్తైన దీపం నుంచి కింది దీపం వైపు ఊహలో ఒక గీత గీస్తే ఓడ ఆ గీత చూపిన వైపే పోతున్నట్టు. రెండూ ఎడంగా ఉంటే ఓడ నీకు అడ్డంగా పోతోంది. ఆ ఎడం తగ్గుతూ వస్తుంటే నీ వైపు తిరుగుతోంది. ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చి, కింద ఎరుపు, పచ్చ రెండూ కనిపించాయంటే ఓడ ముందుభాగం సూటిగా నీ మీదికే ఉంది.

ఒక లెక్క చూడు. నువ్వు హార్బరు దాటి దిక్సూచి మీద 140 డిగ్రీలు పట్టి ఏడు నాట్ల వేగంతో లోతుకు పోతున్నావు. వల ఇంకా వేయలేదు. కుడి చేతి వైపు, 203 మీద రెండు తెల్ల దీపాలు కనిపించాయి. కిందిది ఎడమకు, ఎత్తైనది కుడికి. అంటే ఓడ కుడి నుంచి ఎడమకు, తీరం వెంట ఈశాన్యంగా పోతోంది. చెన్నై వైపు నుంచి పారాదీప్‌కో హల్దియాకో వెళ్లేది కావచ్చు. దాని ఎడమ పక్క నీకు కనబడుతుంది కాబట్టి దగ్గరకొచ్చాక ఎరుపు తెలుస్తుందని ముందే చెప్పవచ్చు. ఇప్పుడు మూడు నిమిషాలు ఆగి దిక్సూచి మీద మళ్లీ చూడు. 203 కాస్తా 210 అయితే అది నీ వెనుక నుంచి పోతుంది. 196 అయితే నీ ముందు నుంచి దాటుతుంది. 203 మీదే కదలకుండా ఉండి దీపాలు మాత్రం పెద్దవవుతుంటే ఇద్దరూ ఒకేచోటికి పోతున్నారు. నీ చూపుకు ఆ దీపం స్థిరంగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. అదే దాని మోసం.

ఓడ వేగం పద్నాలుగు నాట్లనుకుంటే, నీ నడకా కొంత కలుస్తుంది కాబట్టి, ఆరు మైళ్ల దూరంలో చూసినప్పుడు నీ చేతిలో ఇరవై మూడు నిమిషాలున్నాయి. ఎరుపు కనిపించేదాకా ఆగితే మిగిలేవి పదకొండున్నర. కుడి వైపున్న ఓడకు దారి ఇవ్వాల్సింది నువ్వే. కొద్దికొద్దిగా చుక్కాని తిప్పకు, వాళ్లకు తెలియదు. ఒక్క పొట్టి కూత వేసి కుడికి బాగా తిరుగు, 210 దాకా. ఇప్పుడు ఓడ నీ ముందు కొద్దిగా ఎడమకు వస్తుంది, ఎరుపుకు ఎరుపు చూపుకుంటూ పక్క నుంచి దాటిపోతుంది. దాని వెనుక తెల్ల దీపం కనిపించాక మళ్లీ 140 పట్టు.

ఈ పద్ధతి తలకిందులయ్యే చోటు ఒకటుంది. రేవు బయట లంగరు వేసిన పెద్ద ఓడకు కూడా రెండు తెల్ల దీపాలుంటాయి, కాని అక్కడ ముందుది ఎత్తుగా, వెనుకది కిందుగా ఉంటుంది. నడుస్తున్నదనుకుంటే దిశ పూర్తిగా ఎదురుగా చదువుతావు. గుర్తు తేలికే. పక్క దీపాలుండవు, వంద మీటర్లు దాటినదైతే డెక్కంతా వెలుగుతూ ఉంటుంది.

మరొకటి, ఒకే నిలువులో మూడు తెల్ల దీపాలు కనిపిస్తే అది టగ్గు. వెనుక తాడు, దాని చివర మసక దీపాలతో బార్జి, రెండూ కలిపి రెండు వందల మీటర్లకు పైగా. టగ్గుకూ బార్జికీ మధ్య చీకటి ఖాళీగా కనిపిస్తుంది. అందులో దూరవద్దు.

ఒంటరి తెల్ల దీపంతో మాత్రం తొందరపడి ఏమీ తేల్చకు. ఓడ వెనుక దీపం కావచ్చు, లంగరు వేసిన చిన్న బోటు కావచ్చు, లైటు పట్టుకున్న ఫైబర్ పడవ కావచ్చు. నువ్వు దాన్ని అందుకుంటున్నావో లేదో దిక్సూచి చెప్పేదాకా దూరం ఉంచు.

నీ దీపాల మాట కూడా చెప్పాలి. వల లాగుతున్నప్పుడు పచ్చ పైన, తెలుపు కింద. అది చూసి ఓడవాళ్లు నీకు దారి ఇవ్వాలి. కాని ఈమధ్య మన బోట్లు ఊరేగింపు బండ్లలా తయారవుతున్నాయి. నీలం పట్టీలు, కళ్లు మిరుమిట్లు గొలిపే ఫ్లడ్ లైట్లు! ఆ వెలుగులో పచ్చ దీపం ఓడవాడికి కనపడనే కనపడదు, నీకు బయటి చీకటీ కనపడదు. చేప ఏరే పని అయ్యాక ఫ్లడ్ లైటు ఆర్పించు. కళాసీలు గొణిగితే గొణగనీ. వల లాగనప్పుడు పచ్చ-తెలుపు జత కూడా ఆర్పేయాలి. వేటలో లేకుండా ఆ దీపం వెలిగించడం అబద్ధం చెప్పడమే.

ముసురు పట్టి ఏమీ కనిపించనప్పుడు కూతలే దిక్కు. నాలుగు నుంచి ఆరు సెకన్ల పొడుగు కూత ఒక్కటి వినిపిస్తే ఇంజనుతో నడుస్తున్న ఓడ. రెండు పొడుగు కూతలైతే నీటిలో ఆగి ఉంది. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే వేటలో ఉన్న బోటో, లాగుతున్న టగ్గో, అదుపు తప్పినదో. వల లాగుతున్నప్పుడు నువ్వు వేయాల్సిందీ ఇదే. ఏదైనా రెండు నిమిషాలకు మించకుండా మళ్లీ వేయాలి. కుడికి తిరుగుతున్నానని చెప్పే పొట్టి కూత ఒకరికొకరు కళ్లకు కనిపిస్తున్నప్పుడే, పొగమంచులో కాదు.

ముందు నుంచి కూత వినిపిస్తే అది ఎటు నుంచి వచ్చిందో చెవిని నమ్మి చుక్కాని తిప్పకు. మంచులో శబ్దం దిక్కు మార్చి వినిపిస్తుంది. చుక్కాని పనిచేసే కనీస వేగానికి తగ్గించు, అవసరమైతే ఆపు. ఇరవై మీటర్లలోపు బోటు హారను అర మైలు వినిపిస్తే చాలునంటారు. పద్నాలుగు నాట్ల ఓడకు ఆ అర మైలు రెండు నిమిషాల దారి. అందుకని హారను వేశాను, వాడు విన్నాడు అనుకోవద్దు.

ఎదురుగా కనిపిస్తున్న ఓడ ఐదు పొట్టి కూతలు గబగబా వేసిందంటే, నువ్వేం చేయబోతున్నావో వాళ్లకు అర్థం కావడం లేదని. అప్పుడు వీహెచ్ఎఫ్‌లో వాదన పెట్టుకోకుండా ముందు బోటును స్పష్టంగా ఒక వైపు తిప్పు.

బయలుదేరే ముందు సాయంత్రం ఒకసారి జెట్టీ మీదికి దిగి, బోటు చుట్టూ నడిచి దీపాలు బయటి నుంచి చూడు. ఆరవేసిన వల పచ్చ దీపానికి అడ్డం పడి ఉంటుంది చాలాసార్లు.

మీ మామయ్య